హ్యుగె, లాగొమ్: హాయి, మితం మాత్రమేనా?

ప్రశ్న: డేనిష్ 'హ్యుగె' అంటే హాయి, స్వీడిష్ 'లాగొమ్' అంటే మితం అని చదివాను. అంతేనా?

హ్యుగె అనగానే కొవ్వొత్తులు, దుప్పటి ఫొటోలు చూపిస్తారు. కానీ డేన్‌లకు అది ముఖ్యంగా మనుషుల మధ్య కుదిరే చనువు. అది క్రియ కూడా: నలుగురు కూర్చుని తీరిగ్గా కబుర్లాడుకుంటే 'హ్యుగె చేస్తున్నారు' అన్నట్టే. విందు నుంచి వెళ్తూ 'హ్యుగెలిగ్‌గా గడిచింది' అంటే మెచ్చుకున్నది సోఫాని కాదు, మీతో గడిపిన సమయాన్ని. దీని వ్యతిరేకపదం చూస్తే లోతు తెలుస్తుంది. 'ఊహ్యుగెలిగ్' అంటే అసౌకర్యం కాదు, వెన్నులో వణుకు పుట్టించేది. అంటే హ్యుగెలో 'ఇక్కడ నాకు భయం లేదు' అనే భరోసా ఉంది.

లాగొమ్‌ని మితం అంటే కాస్త లోటు ధ్వనిస్తుంది. నాకైతే మన 'సరిపడా' దానికి దగ్గరగా తోస్తుంది. కాఫీ లాగొమ్ వేడిగా ఉందంటే నోరు కాలకుండా, చల్లారిపోకుండా ఉందని. ఒకే కొమ్ముపాత్రలోని పానీయం అందరికీ అందేలా తాగడం నుంచి ఈ మాట పుట్టిందనే కథ అందంగా ఉన్నా నిజం కాదు. 'లాగ్' అంటే చట్టం, కట్టుబాటు. 'పద్ధతి ప్రకారం' అన్నది దాని పాత అర్థం. వ్యంగ్యంగానూ వాడతారు: 'లాగొమ్ సరదా' అంటే సరదా ఏమీ లేదని.