టైర్ల లెక్క, మావ రాసింది

అబ్బయా,

నువ్వు కారు కొని టాక్సీకి తిప్పతా ఉండావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే గానీ ఆ రాత్రి నిద్రపట్టలా, ఒంగోలు నించి తిరపతి దాకా ఆ హైవే మీద ఎండాకాలంలో టైరు పేలితే ఏంది గతి అని.

డీజిల్ లెక్క నీకు తెలుసు, టైరు లెక్క చెప్తా. టైరు రేటు ఒక్కటే చూడబాక, బిగింపు, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వు కలుపుకుని, అది నడిచే కిలోమీటర్లతో భాగించు. 5,600 టైరుకి ఇంకో 300 పైన వేస్తే 5,900, అది 45,000 నడిస్తే కిలోమీటరుకి 13 పైసలు, నాలుక్కి 52. 4,000 చౌక టైరు 25,000కే అరిగితే 4,300కి 17 పైసలు, నాలుక్కి 69. ఏది చౌకో నువ్వే చూడు.

45,000 అని అంగడోడు చెప్పిన మాట నమ్మొద్దు. కొత్త టైరు గాడి లోతు కొలిచి రాసిపెట్టుకో. 8 మిల్లీమీటర్లు ఉందనుకో, 1.6కి వస్తే మార్చేయాల, అంటే నీకు పనికొచ్చేది 6.4 మాత్రమే. పదివేలు తిరిగాక 1.6 అరిగిందంటే దాని ఆయుష్షు 40,000. నున్నగా అయ్యేదాకా నడిపి ఎక్కువొచ్చిందని మురిసిపోబాక, వాన పడితే బండి జారిద్ది.

ఇంక నా తప్పు విను, మీ అత్తకి కూడా సగమే తెలుసు. నా అద్దెకారుకి ముందర రెండు టైర్లు కొత్తవి వేయించా, అన్ని ఖర్చులు కలిపి ఒక్కోటి 4,500, నలభైఐదువేలు వస్తాయి, కిలోమీటరుకి పది పైసలేలే అనుకున్నా. వారం తిరక్కముందే కావలి దగ్గర గుంటలో దడాలున పడింది. స్టీరింగ్ కొంచెం ఎడంపక్కకి లాగతా ఉంటే, అలైన్‌మెంట్‌కి 300 దండగని చేత్తోనే సర్దుకుంటా తోలా. బయట నించి చూస్తే టైరు నిగనిగలాడతా ఉండేది, లోపలి అంచు మాత్రం తినేస్తా ఉంది, అది వొంగి చూస్తేనే కనపడేది, నేనేమో వొంగలా. 18,000కి పంచర్ వేసే పిల్లోడు చక్రం ఊడదీసి లోపలేపు తీగ చూపించాడు. ముందురోజే పెళ్లోళ్లని అయిదుమందిని ఎక్కించుకోనొచ్చా, కాళ్లలో వణుకొచ్చింది. పది పైసల టైరు పాతిక పైసలయింది, రెండిటికీ కలిపి 5,400 పోయింది, 300 మిగిలిచ్చినందుకు!

అందుకే పదివేలకోసారి టైర్లు ముందూ వెనకా మార్పించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించు. దానికి 800 అయితే కిలోమీటరుకి 8 పైసలు, అది కూడా అద్దె రేటులో కలుపుకో, అప్పుడు నీ టైర్ల ఖర్చు 60 పైసలు. గుంటలో పడితే పదివేల దాకా ఆగబాక, మర్నాడే పో. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించు.

ఆదివారం ఇంటికి రా, చాపల పులుసు చేపిస్తా. వచ్చేముందు స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి, ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూసి రా.

మీ మావ