గొడవ రిపోర్టు రాసేటప్పుడు

అమ్మా,

నువ్వు పంపిన రిపోర్టు చదివాను. పైకి పంపకముందే నాకు చూపించడం మంచిదైంది. "స్టోర్ ఇన్‌చార్జి విరుచుకుపడ్డాడు, అకౌంటెంట్ గారు ఓపిగ్గా సమాధానం చెప్పారు" అని మొదలుపెట్టావు. ఒకరికేమో 'పడ్డాడు', ఇంకొకరికి 'గారు', 'చెప్పారు'. వయసు చూసి అలవాటుగా రాసి ఉంటావు. కానీ నువ్వు ఎవరి వైపో చదివేవాళ్లకు అక్కడే తెలిసిపోతుంది. ఇద్దరికీ 'గారు' పెట్టు, ఇద్దరికీ 'అన్నారు' వాడు.

'విరుచుకుపడటం', 'ఓపిగ్గా' అనేవి నీకు అనిపించినవి. ఫోన్‌లో నేను గుచ్చి అడిగితే "రిజిస్టర్ బల్ల మీద విసిరారు, కేక పక్క గదిలోకి వినపడింది" అన్నావు చూడు, రాయాల్సింది అదీ.

ఇక ఎవరు మొదలుపెట్టారన్న సంగతి. నువ్వు వెళ్లేసరికే గొడవ నడుస్తోంది కదా, ఆ మాటే రాసెయ్యి. నేనైతే ఇలా రాస్తాను:

"11:20కి నేను లోపలికి వెళ్లేసరికి ఇద్దరూ నిలబడి గట్టిగా మాట్లాడుతున్నారు. అంతకుముందు జరిగింది నేను చూడలేదు. నేను విన్న మొదటి మాట అకౌంటెంట్ గారిది: 'లెక్క తేలకుండా సంతకం పెట్టను.' స్టోర్ ఇన్‌చార్జి గారు, 'అంటే నేను దొంగనా?' అన్నారు. అకౌంటెంట్ గారు, 'ఆ మాట నువ్వే అంటున్నావు' అన్నారు. స్టోర్ ఇన్‌చార్జి గారు, 'నోరు మూసుకోరా' అని రిజిస్టర్‌ను బల్ల మీద విసిరారు."

ఇందులో 'నువ్వు', 'రా' రెండూ ఉన్నాయి. వాటిని దిద్దకు. "ఇద్దరూ అమర్యాదగా మాట్లాడారు" అని తేల్చేస్తే ఎవరు ఏ మాట అన్నారో విచారణ చేసేవాళ్లకు అందదు. బూతు వస్తే చుక్కలు పెట్టకు. రాయడానికి చెయ్యి రాదు, నాకూ తెలుసు. కానీ చుక్కల చోట ఎవరికి తోచిన బూతు వాళ్లు ఊహించుకుంటారు, అది అసలు మాట కన్నా ఘోరంగా ఉండొచ్చు. మాట సరిగ్గా గుర్తులేకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి, "ఈ అర్థంలో అన్నారు, అవే మాటలని చెప్పలేను" అని రాయి.

అటెండర్ ముందునుంచీ అక్కడే ఉన్నాడన్నావు. అతను చెప్పింది విడిగా, అతని పేరుతో, అతని మాటల్లోనే రాయి. 'అన్నారట' అని మాత్రం వద్దు, ఆ 'ట'లో నీ అనుమానం వినపడుతుంది. 'ఎదురు సమాధానం' కూడా అలాంటిదే: ఒకరు ఎదురు చెప్పారంటే, ఇంకొకరు ముందు అన్నారని నువ్వే ఒప్పేసుకున్నట్టు.

రాశాక ఇద్దరి హోదాలూ తారుమారు చేసి ఒకసారి పైకి చదువు. ఎక్కడైనా "అయ్యో, ఈయన గురించి ఇలా రాశానేంటి" అనిపిస్తే, ఆ వాక్యం మళ్లీ రాయి. సాయంత్రం ఐదింటిదాకా నేను ఆఫీసులోనే ఉంటాను.