ఎర్రరాతి గోడ కోనసీమదేనా? గోడ కింది మూడడుగులు చూసి చెప్పొచ్చు

ప్రశ్న: మా గ్రూపులో "కోనసీమ పాత ఇల్లు" అని ఒక ఫోటో తిరుగుతోంది. కొబ్బరి చెట్లు, పెంకుల కప్పు, చిల్లులు చిల్లులుగా ఉన్న ఎర్రరాతి గోడ. నాకెందుకో అనుమానంగా ఉంది. గోడని బట్టి అది ఏ ప్రాంతమో, అక్కడి వాతావరణం ఎలాంటిదో చెప్పడం కుదురుతుందా?

జవాబు:

మీ అనుమానం నిజమేనండి. ఆ చిల్లుల రాయి లాటరైటే అయి, గోడ మొత్తం దానితోనే కట్టి ఉంటే ఆ ఇల్లు కోనసీమది కాదనే అనుకోవాలి. కేరళలో మలబారు వైపుదో, గోవా, రత్నగిరి వైపుదో అయి ఉంటుంది. కొబ్బరి చెట్లనీ పెంకుల్నీ ముందు పక్కన పెట్టండి. అవి రెండు తీరాల్లోనూ ఉన్నాయి. మంగళూరు రకం పెంకుల్ని మనవాళ్ళు బెంగుళూరు పెంకులని పిలుచుకుంటూ వందల ఇళ్ళకి వేసుకున్నారు. కప్పు ఎక్కడి నుంచైనా పడవలోనో రైల్లోనో వస్తుంది. గోడ బరువైనది, అందుకే పాత రోజుల్లో దాన్ని కాళ్ళ కింద దొరికిన దానితోనే కట్టేవారు. గోడ ముందు నేల సంగతి చెబుతుంది, ఆ తర్వాతే వాన సంగతి.

మన కాళ్ళ కింద రాయి లేదు. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలి, వేల ఏళ్ళుగా వరదతో తెచ్చి పోసిన ఒండ్రే కోనసీమ. నుయ్యి తవ్వితే మట్టి, ఇసుక, మళ్ళీ మట్టి తగులుతాయి తప్ప బండ తగలదు. లాటరైట్ కావాలంటే రాయి ఉన్నచోటే ఉండి, వేడికీ వానకీ లక్షల ఏళ్ళు నానాలి. వాన అందులోని సిలికానీ, కరిగే లవణాలనీ కడిగేస్తే ఇనుమూ అల్యూమినియమూ మిగిలి ఎర్రగా గట్టిపడతాయి. కడుక్కుపోయిన చోట్లే ఆ చిల్లులు. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ దీనికి లాటరైట్ అని పేరు పెట్టింది మలబారులోని అంగాడిపురం దగ్గర చూసి. లాటిన్‌లో ఆ మాటకి మూలం ఇటుకే. గనిలో తడిగా ఉన్నప్పుడు గొడ్డలితో కోస్తే తెగుతుంది, బయట గాలి తగిలాక గట్టిపడుతుంది. మలయాళంలో దీన్ని వెట్టుకల్లు అంటారు, అంటే కోసిన రాయి.

మన వైపు లాటరైట్ అసలే లేదని కాదు. రౌతులపూడి వైపు మెట్టలో గనులు తవ్వేంత ఉంది. కానీ అక్కణ్ణుంచి బండ్ల మీద కోనసీమకి తెచ్చి గోడ కట్టాల్సిన అవసరం పాత రోజుల్లో ఎవరికీ రాలేదు. గోదావరి గట్టున ఒండ్రు మట్టి కోసి బట్టీ పెడితే ఇటుక వచ్చేస్తుంది.

ఫోటోలో రాయి దగ్గరగా కనిపించకపోతే వరసలు లెక్కపెట్టండి. గుమ్మం ఎత్తు సుమారు ఆరున్నర అడుగులు, అంటే 78 అంగుళాలు. మన ఇటుక మందం 3 అంగుళాలు, సందులో అరంగుళం సున్నమో సిమెంటో వేసుకుంటే ఒక్కో వరస మూడున్నర. గుమ్మం పక్కన కింద నుంచి పైదాకా 22 వరసలు, ఒకటి రెండు అటూ ఇటూగా రావాలి. లాటరైట్ దిమ్మ ఎత్తు 7 నుంచి 9 అంగుళాలు ఉంటుంది, కాబట్టి అదే గుమ్మం పక్కన 8 నుంచి 10 వరసలే వస్తాయి. పూత వేసి రంగు కొట్టిన గోడైనా ఎక్కడో ఒకచోట పెళ్ళ ఊడి ఉంటుంది. అక్కడ కనబడే రెండు సందుల మధ్య దూరం చాలు. అయితే సిమెంటు దిమ్మలకీ వరస దాదాపు ఇంతే వస్తుంది, అక్కడ రంగూ చిల్లులూ చూడాలి. సిమెంటు దిమ్మ బూడిద రంగులో నున్నగా ఉంటుంది. లాటరైట్ ఒకే ఎరుపులో ఉండదు, ఎరుపులో పసుపూ ఊదా మచ్చలు కలిసి ఉంటాయి.

నేనైతే అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది గోడ కింది మూడడుగుల్ని. గోడ పైభాగానికి రంగు వేసి కొత్తగా చూపించొచ్చు. కిందిభాగం మాత్రం నేలతోనూ నీటితోనూ రోజూ తగువులో ఉంటుంది, అక్కడ దాచేది తక్కువ.

ముందు చిందు చూడండి. చూరు నీళ్ళు పడి నేల మట్టి గోడ మీదికి ఎగురుతుంది. లాటరైట్ నేలలో ఆ మరకలు ఎర్రగా, జాజు చిలకరించినట్టు ఉంటాయి. మధ్య డెల్టాలో బూడిద కలిసిన గోధుమ రంగు. సముద్రపు ఒడ్డున ఇసుక నేల కాబట్టి మరకే అంతగా నిలవదు. తర్వాత పాచి చూడండి. మలబారులో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. గోడ అన్ని నెలలు ఆరదు. అందుకే అక్కడ పూత లేని గోడ అడుగున ఆకుపచ్చగా మొదలై నల్లగా మారిన పాచి చార కనిపిస్తుంది. మన డెల్టాలో వాన దానికి సగం కన్నా తక్కువే, ఎండ ఎక్కువ. పాచి పట్టినా వేసవికి మాడిపోతుంది.

మన గోడకి పట్టే రోగం వేరు, అది చెమ్మ. నీళ్ళు కొన్ని అడుగుల లోతులోనే ఉంటాయి, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పగానూ ఉంటాయి. ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా ఆ నీరు పైకి పాకి, రెండు మూడు అడుగుల ఎత్తున గాలికి ఆవిరైపోతుంది. ఉప్పు అక్కడే ఉండిపోయి పూత వెనక పలుకులు కట్టి, పూతని బయటికి తోస్తుంది. ముందు తెల్లటి బూజులాంటి పొడి, తర్వాత పొంగు, తర్వాత పెళ్ళ. ఇటుకని వేలితో గీకితే ఎర్రటి పిండిలా రాలుతుంది. దీనికి చాలామంది సిమెంటు పూత వేయిస్తారు, అది తప్పు. సిమెంటు ఆ చెమ్మని బయటికి పోనివ్వదు, కాబట్టి నీరు ఇంకా పైకి పాకుతుంది. రెండడుగుల దగ్గర ఉన్న చార నాలుగడుగులకి చేరుతుంది. పాత సున్నం పూత గాలి ఆడనిస్తుంది కాబట్టి తానే రాలిపోయి గోడని కాపాడుతుంది. ఫోటోలో నడుం ఎత్తున గోడ పొడవునా ఒకే మట్టంగా పెళ్ళలు ఊడిన చార ఉంటే, కింద నీరు పైపైనే ఉన్న పల్లపు ఊరని అనుకోవచ్చు.

ఇక మన డెల్టాలోనే గోడలు మూడు రకాలుగా మారతాయి. నది మధ్య లంకల్లో పాత ఇళ్ళకి తాటాకు దడో, కొబ్బరాకు తడికో ఎక్కువ. ఇది పేదరికం వల్లే అనుకోకూడదు. ఏటా జూలై, ఆగస్టుల్లో వరద వచ్చే చోట మట్టి గోడ రెండు రోజులు నీళ్ళలో నానితే అడుగు కరిగి కూలిపోతుంది. తడిక గుండా నీళ్ళు వెళ్ళిపోతాయి, నిలువు గుంజలు మిగులుతాయి, ఆకు మళ్ళీ కట్టుకోవచ్చు. ఇంటిని మెరక మీద కట్టి గోడ తేలిగ్గా ఉంచారంటే వరద తాకే చోటని అర్థం.

గట్టు వెనక, మధ్య డెల్టాలో మట్టి గోడ నిలుస్తుంది. ఇక్కడి నల్లమట్టి ఒక్కటే వేస్తే ఆరేటప్పుడు పగులుతుంది. అందుకే ఇసుక పాలు కలిపి, తరిగిన గడ్డో ఊకో వేసి, నీళ్ళు పోసి తొక్కి కొన్ని రోజులు మాగనిస్తారు. ఆ తర్వాత అడుగున్నర ఎత్తు వరస పెట్టి, అది ఆరాక పై వరస పెడతారు. కింద మందం అడుగున్నర నుంచి రెండడుగులు, పైకి వెళ్ళేకొద్దీ సన్నం. పూత పోయిన గోడలో ఆ అడ్డగీతలు అడుగున్నరకొకటి స్పష్టంగా కనిపిస్తాయి. నిలువు పగుళ్ళు దగ్గర దగ్గరగా ఉంటే మట్టిలో జిగట ఎక్కువై ఇసుక చాలలేదని, లేదా కింది వరస ఆరకుండానే పై వరస పెట్టారని. ఈ గోడ మీద చూరు బాగా కిందికి దిగి ఉంటుంది, లోపలికి వంగి వెళ్ళాలి. వాన ఎక్కువనే కాదు, తుఫాను గాలి వానని అడ్డంగా కొడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టింది అలాంటి గాలే. చూరు ఎత్తుగా ఉంటే గాలి కింద దూరి కప్పు లేపేస్తుంది, వాన గోడని కోసేస్తుంది.

మూడోది ఒడ్డున ఇసుక దిబ్బల మీది గోడ. జిగట మట్టి దూరం, తాటిచెట్టు దగ్గర. దూలం, వాసం, కప్పు, దడి అన్నీ తాటిచెట్టే. గుండ్రంగా కట్టిన చుట్టిల్లు కనిపిస్తే మాత్రం విశాఖ, శ్రీకాకుళం వైపు ముందు ఆలోచించండి, అక్కడ అవి ఎక్కువ.

చెక్క గోడ గురించి రెండు మాటలు. మన మండువా లోగిళ్ళలో టేకు స్తంభాలూ దూలాలూ కనిపిస్తాయి, భద్రాచలం అడవుల నుంచి దుంగలు తెప్పలుగా కట్టి గోదావరిలో దింపేవారు. అయినా బయటి గోడ ఇటుకే, మట్టే. బయటి గోడే పలకలతో కట్టి ఉంటే కేరళలో కుట్టనాడు లాంటి చోటు కావచ్చు. అదీ మనలాంటి పల్లపు నేలే. మెత్తటి నేల బరువు గోడని మోయలేదని అక్కడ చెక్క వాడారు. వెదురు తడికకి మట్టి మెత్తిన గోడైతే మారేడుమిల్లి, రంపచోడవరం కొండల వైపు చూడాలి.

మీ ఫోటోకి వస్తే ఒక్క జాగ్రత్త. ఈమధ్య రిసార్టుల్లో లాటరైట్ పలుచగా పలకలు కోసి ఇటుక గోడ మీద అతికిస్తున్నారు, అలాంటిది కోనసీమలోనూ ఉండొచ్చు. మూల దగ్గర చూస్తే తెలిసిపోతుంది. నిజం గోడలో దిమ్మలు ఒక వరస ఇటు నుంచి, ఒక వరస అటు నుంచి మూలని దాటి ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. అతికించినదైతే పైనుంచి కిందిదాకా ఒకటే సన్నని గీత, పలక మందం అంగుళం లోపు. కిటికీ లోపలి అంచులో ఎర్రరాయి ఆగిపోయి మామూలు పూత మొదలైనా అంతే. మూల కరుచుకుని, గుమ్మం పక్కన తొమ్మిది వరసలొచ్చి, అడుగున ఎర్ర చిందూ నల్ల పాచీ ఉంటే ఆ ఇంటిని కోనసీమ లెక్కలోంచి తీసేయండి. మూలా, గుమ్మం పక్కా కనబడేలా ఫోటో పెట్టగలిగితే వరసలు నేనూ లెక్కపెట్టి చెబుతాను.