సర్టిఫికెట్‌లో ‘ప్రొవిజనల్’ అన్న మాట చూశారా?

*మాది సోంపేట దగ్గర పల్లె. ఆరుగురం కలిసి ట్రస్టు పెట్టి చిన్న బడి నడుపుతున్నాం. 2022 డిసెంబరులో ట్రస్టు డీడు రిజిస్టరైంది. మరుసటి ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో దరఖాస్తు పెడితే ట్రస్టు ఆదాయానికి మినహాయింపునిచ్చే 12ఎ, దాతకు మినహాయింపునిచ్చే 80జి సర్టిఫికెట్లు రెండూ వచ్చాయి. రేకుల షెడ్డు పూర్తయ్యాక 2024 జూన్‌లో బడి తెరిచాం. నవంబరులో పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన చెక్కు ద్వారా యాభై వేలు ఇచ్చారు, రశీదు ఇచ్చాం. ఇప్పుడు వాళ్ల ఆడిటరు ఆ రశీదు పనికిరాదని, మా సర్టిఫికెట్ కూడా తాత్కాలికమేనని అంటున్నారట. నిజమేనా? పోర్టల్‌లో మేం ఏం చేయాలి?*
— ట్రస్టు కార్యదర్శి, సోంపేట

ఆ ఆడిటరు చెప్పిన రెండు మాటల్లో ఒకటి పూర్తిగా నిజం, రెండోది సగం నిజం. నిజానికి మీరు అడగని మూడో సంగతి ఈ రెండింటికంటే తొందర పెట్టేది. ఈ జవాబు రాస్తున్నది 2025 సెప్టెంబరు 5న. నెలాఖరుకు ఇంకా పాతిక రోజులే ఉన్నాయి.

ముందు రశీదు సంగతి. మీ 80జి ఆమోదం తాత్కాలికమే అయినా గడువు ఉన్నంతకాలం అది చెల్లుతుంది. దాత మినహాయింపు పొందడానికి అడ్డు అది కాదు. మీరు పుస్తకంలోంచి చింపి ఇచ్చిన రశీదు చాలదు, అదీ అసలు చిక్కు. ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలన్నీ ట్రస్టు Form 10BD లో మరుసటి మే 31లోపు పోర్టల్‌కు ఎక్కించాలి. అది ఎక్కిన తరువాత Form 10BE అనే ధ్రువపత్రం డౌన్‌లోడ్‌కు వస్తుంది. దాత చేతిలో ఉండాల్సింది అదే. 2024 నవంబరు విరాళానికి గడువు ఈ మే 31తో పోయింది. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము. ఈ రోజుకు 97 రోజులు, అంటే 19,400. ఈ రుసుము విరాళం మొత్తాన్ని దాటదు. అది పెద్ద ఓదార్పు కాదని తెలుసు. దీనికి తోడు జరిమానా వేసే అధికారం కూడా శాఖకు ఉంది. కాబట్టి ఈ వారమే దాఖలు చేయండి.

ఇక్కడ కంప్యూటర్ చేసే తుంటరి పని ఒకటుంది. 10BD కి వివరాలు నింపే నమూనా సీఎస్‌వీ ఫైలుగా వస్తుంది, దాన్ని అందరూ ఎక్సెల్‌లో తెరుస్తారు. పాన్ లేని దాతకు పన్నెండంకెల ఆధార్ సంఖ్య కొడితే ఎక్సెల్ దాన్ని ఇలా కుదించి చూపిస్తుంది:

```
1.23457E+11
```

అలాగే సేవ్ చేస్తే ఫైలులో మిగిలేది కూడా ఇదే, అసలు అంకెలు పోతాయి. అందుకని ఆ నిలువు వరసను ముందే Text గా మార్చి, తరువాత అంకెలు కొట్టండి. సేవ్ చేసిన సీఎస్‌వీని సరిచూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారో, కథ మొదటికి వస్తుంది. మీ వ్యాపారికి పాన్ ఉంటుంది కాబట్టి ఆయన వరసకు ఈ బెడద లేదు. ఒక్క మాట ఆయన చెవిన వేయండి: పాత పన్ను విధానంలో ఉంటేనే 80జి ఫలితం ఉంటుంది. అప్పుడు యాభై వేలలో సగం, పాతిక వేలు, ఆయన ఆదాయంలోంచి తగ్గుతుంది. కొత్త విధానం ఎంచుకుని ఉంటే 10BE చేతికిచ్చినా ఆయనకు పైసా కలిసిరాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ దగ్గరున్న రెండు సర్టిఫికెట్లూ Form 10AC లో వచ్చినవే అయి ఉంటాయి. పోర్టల్‌లో View Filed Forms కు వెళ్లి మళ్లీ తెరిచి చూడండి. 12ఎ కాగితం మీద ఏ మదింపు సంవత్సరాలకు చెల్లుతుందో రాసి ఉంటుంది. మీరు చెప్పిన తేదీలను బట్టి 2024-25 నుంచి 2026-27 వరకు. ఆ 2026-27ను చూసి చాలామంది 2027 మార్చి దాకా దిగులు లేదనుకుంటారు. మదింపు సంవత్సరం 2026-27 అంటే ఆదాయం వచ్చిన ఏడాది 2025-26. కాబట్టి మీ గడువు 2026 మార్చి 31తో తీరుతుంది.

గడువు తీరేదాకా ఆగడం కూడా కుదరదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌ను పూర్తి రిజిస్ట్రేషన్‌గా మార్చుకోవడానికి Form 10AB పెట్టాలి. దానికి చట్టం రెండు తేదీలు చెప్పి, ఏది ముందైతే అది అంది. గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందు అన్నది ఒకటి, అంటే ఈ సెప్టెంబరు 30. కార్యకలాపాలు మొదలైన ఆరు నెలలలోపు అన్నది రెండోది. మీరు బడి తెరిచింది 2024 జూన్‌లో కనుక ఆ తేదీ నిరుడు డిసెంబరులోనే దాటిపోయింది.

కంగారు పడకండి, దారి మూసుకుపోలేదు. 12ఎ దరఖాస్తు ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి కమిషనర్‌కు ఉంది. దరఖాస్తుతోపాటు ఒక పేజీ లేఖ జతచేయండి. తాత్కాలిక సర్టిఫికెట్ మూడేళ్లదని నమ్మామని, వృత్తి నిపుణులు లేని స్వచ్ఛంద సంస్థ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. 80జి విషయంలో చట్టంలో ఇలాంటి మన్నింపు నిబంధన లేదు. కొన్ని ట్రైబ్యునల్ బెంచీలు మాత్రం ఈ గడువును ఉదారంగానే చూశాయి. రెండో తేదీ ఎలాగూ దాటిపోయింది, కనీసం సెప్టెంబరు 30 దాటకుండా చూసుకుంటే వాదనకు బలం ఉంటుంది. 12ఎకు ఒకటి, 80జికి ఒకటి, వేర్వేరుగా రెండు 10AB లు పెట్టాలని గుర్తుంచుకోండి.

ట్రస్టు పాన్‌తో లాగిన్ అయ్యాక దారి ఇది:

```
e-File > Income Tax Forms > File Income Tax Forms
```

అక్కడ 10AB అని వెతికితే ఫారం వస్తుంది. అందులో ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో ఎంచుకునే జాబితా ఒకటుంది. ఎక్కువ దరఖాస్తులు బోర్లా పడేది అక్కడే. మీరు ఎంచుకోవలసింది 12A(1)(ac)(iii), తాత్కాలికం నుంచి పూర్తి రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవారి గది. దాని పైనున్న (ii) చూడడానికి ‘పునరుద్ధరణ’లా కనిపించి వేలిని లాగేస్తుంది. అది ఇప్పటికే పూర్తి రిజిస్ట్రేషన్ ఉండి, దాని గడువు తీరుతున్నవారికి. రెండో ఫారంలో 80జికి కూడా ఇంతే, మొదటి ప్రొవైజోలో (iii) మీది. ఇక్కడ అంకె తప్పితే కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా తిరస్కరించే అవకాశం ఉంది. పంపాక సరిదిద్దుకునే సదుపాయం చూసుకుందాంలే అనుకోకండి. పంపే ముందు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి ఆ వరసను పైకి చదివించండి.

కార్యకలాపాలు మొదలైన తేదీ అడిగే గడి దగ్గర కూడా నిదానించండి. బడి తెరిచింది 2024 జూన్ అని మీరు రాస్తారు. కానీ 2023లోనే చెట్టు కింద సాయంత్రం ట్యూషన్ నడిపి, దానికి సుద్దముక్కలు, పలకలు కొన్న ఖర్చు మీ లెక్కల్లో ఉంటే, అధికారి అదే మొదలు అంటారు. ఫారంలోని తేదీ, లెక్కల పుస్తకం, కార్యకలాపాల నివేదిక, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

జతచేసే ఫైళ్లు ఒక్కొక్కటి 5 ఎంబీ లోపు పీడీఎఫ్‌గా ఉండాలి. స్టాంపు కాగితం మీది ట్రస్టు డీడును ఫోనుతో రంగుల్లో ఫొటోలు తీస్తే ఇరవై పేజీలకే ఆ హద్దు దాటుతుంది. నలుపు-తెలుపులో 150 లేదా 200 డీపీఐ దగ్గర స్కాన్ చేయించండి, సబ్‌రిజిస్ట్రార్ ముద్ర చదవగలిగేలా ఉంటే చాలు. డీడు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా పెట్టండి. చివర్లో సంతకం మేనేజింగ్ ట్రస్టీది. ఆధార్ ఓటీపీతో సంతకం చేసేట్టయితే ఆయన ఆధార్, పాన్ జత అయి ఉండాలి, ఆ ఆధార్‌లోని ఫోను నంబరు ఇప్పటికీ ఆయన జేబులో ఉండాలి.

పంపేశాక పని అయిపోదు. మన ఫైలు హైదరాబాద్‌లోని ఎగ్జంప్షన్స్ కమిషనర్ దగ్గరకు వెళ్తుంది. అక్కడి నుంచి నోటీసు వస్తుంది: బ్యాంకు స్టేట్‌మెంటు, ఖర్చుల ఓచర్లు, పిల్లల హాజరు, ఫొటోలు అడుగుతారు. జవాబివ్వడానికి ఇచ్చే వ్యవధి కొద్దిరోజులే. అది వచ్చేది పోర్టల్‌లో నమోదైన ఈమెయిల్‌కు. విజయనగరంలో నేనూ సభ్యుడిగా ఉన్న ఒక గ్రంథాలయ కమిటీలో ఆ మెయిల్, మొదట్లో ఉత్సాహంగా దరఖాస్తు నింపి తరువాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయిన కుర్రాడిది. నోటీసు ఆయన పాత ఇన్‌బాక్సులో నలభై రోజులు నిద్రపోయింది. జవాబు లేదని దరఖాస్తు కొట్టేశారు. మళ్లీ మొదటినుంచి పెట్టుకునేసరికి ఏడాది పట్టింది. ఈ రోజే My Profile లో మెయిల్, ఫోను ఎవరివో చూడండి. ఆపైన ప్రతి సోమవారం ఎవరో ఒకరు లాగిన్ అయి దీన్ని తెరవాలి:

```
Pending Actions > e-Proceedings
```

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తాత్కాలిక గడువు తీరిపోయి, 10AB సమయానికి పెట్టకపోతే ఆ ఏడాది ఆదాయంపై పన్నుతో వదిలిపెట్టరు. 2023 నుంచి సెక్షన్ 115టిడి ఇలాంటి ట్రస్టులకూ వర్తిస్తోంది. ట్రస్టు ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదానిపై గరిష్ఠ రేటున పన్ను వేస్తారు. మీ స్థలం, షెడ్డు, బల్లలు కలిపి 20 లక్షలు, అప్పు 2 లక్షలు అనుకుందాం. 18 లక్షల మీద 30 శాతమే 5 లక్షల 40 వేలు. సర్‌ఛార్జీ, సెస్సు దానిపైన. చేతిలో రూపాయి ఆదాయం లేకపోయినా ఇది పడుతుంది. ఏడాది రాబడి 5 కోట్లు దాటని బడికి విద్య తప్ప వేరే పని లేకపోతే సెక్షన్ 10(23సి)(iiiad) కింద రిజిస్ట్రేషన్ లేకుండానే ఆదాయానికి మినహాయింపు ఉందని మీకెవరైనా చెప్పవచ్చు. ఉన్నమాట నిజమే. కానీ ‘విద్య మాత్రమే’ అన్న షరతును అక్షరాలా పాటించాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో తేల్చింది. ట్రస్టు పేరిట మీరు వైద్య శిబిరాలు కూడా నడిపితే ఆ గొడుగు కింద నిలవలేరు. పైగా 12ఎ కింద ఒకసారి చేరాక 115టిడి నుంచి అది మిమ్మల్ని తప్పించదు.

ఈ నెలలో దరఖాస్తు చేరితే, త్రైమాసికం ముగిసిన ఆరు నెలల్లోగా, అంటే 2026 మార్చి 31లోగా, కమిషనర్ తేల్చాలి. మంజూరైతే Form 10AD లో ఉత్తర్వు వస్తుంది. గత రెండేళ్లలో ఒక్కో ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని ట్రస్టుకు ఈ ఏప్రిల్ నుంచి 12ఎ రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఇస్తున్నారు. 80జికి మాత్రం పాత ఐదేళ్లే. రెండింటి గడువులు ఒకటి కావు కనుక రెండు తేదీలనూ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.