ఇద్దరు చెప్పాక కూడా వార్త ఆపాలా?

ప్రశ్న: జర్నలిజం విద్యార్థులకిచ్చిన వీడ్కోలు ప్రసంగంలో ఓ సీనియర్ ఎడిటర్ "ఇద్దరు చెప్పినా అనుమానించండి, ఆగండి" అన్నారు. ఇద్దరు చెబితే చాలదా?

జవాబు: ఆ ఇద్దరికీ విషయం ఒకే చోటి నుంచి తెలిసుంటే చాలదు, ఆగాల్సిందే. అప్పుడు మీ దగ్గరున్నది ఒక్క సమాచారమే, నోళ్లు మాత్రం రెండు. అందుకే "నిజమేనా?" అని కాకుండా "మీకెలా తెలిసింది?" అని అడగాలి. "ఫలానా ఆయన చెప్పారు" అని ఇద్దరూ ఒకే పేరు చెబితే, ఆ మనిషి దాకా వెళ్లాలి. ఆయన కళ్లారా చూశారా, ఆయనా విన్నదే చెబుతున్నారా అన్నది అక్కడే తేలుతుంది.

1979 మార్చిలో, ఎమర్జెన్సీకి ఎదురునిలిచిన నేత జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన చనిపోయారని ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలోనే ప్రకటించారు. సభ నివాళులర్పించి వాయిదా పడింది, రేడియో వార్త చదివేసింది. జేపీ మాత్రం బతికే ఉన్నారు! ఆయన కన్నుమూసింది ఆ ఏడాది అక్టోబరు 8న. ప్రధాని, పార్లమెంటు, రేడియో అంటే చూడ్డానికి మూడు ఆధారాలు. కానీ మూడింటికీ మూలం ఢిల్లీకి చేరిన ఒకే తప్పుడు కబురు. తేల్చి చెప్పగలిగింది బొంబాయిలో మంచం పక్కనున్న డాక్టర్లు, కుటుంబసభ్యులే.

"ప్రధానే చెప్పారని రాశాం, తప్పు మాది కాదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ మాట ఎవరన్నారో చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. పాఠకుడికి గుర్తుండేది "చనిపోయారు" అన్న ముక్కే. ఆగడమంటే చేతులు కట్టుకు కూర్చోవడమూ కాదు: "పరిస్థితి విషమం, డాక్టర్ల ప్రకటన రావాల్సి ఉంది" అని తెలిసినంత వరకు అప్పుడే రాయొచ్చు.