ఉచితంగా ఇచ్చిన కుక్కపిల్లను వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: మా ఊళ్లోని జంతు సంరక్షణ కేంద్రం వీధికుక్క పిల్లలను దత్తతకు ఇస్తోంది. మేము రెండు నెలల పిల్లను ఎంచుకున్నాం. కానీ వాళ్ల పత్రంలో ‘టీకాలు, సంతాన నిరోధక ఆపరేషన్ తప్పనిసరి, సంస్థ ఎప్పుడైనా పిల్లను వెనక్కి తీసుకోవచ్చు’ అని ఉంది. సంతకం చేయవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేయవచ్చు, ఆ ‘ఎప్పుడైనా’ అన్న మాట మార్పించిన తర్వాత.

చట్టం దృష్టిలో కుక్కపిల్ల చరాస్తి. డబ్బు తీసుకోకుండా వాళ్లు అప్పగించి, మీరు స్వీకరిస్తే అది దానమవుతుంది. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, దాత తన ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకునేలా రాసుకున్న దానం చెల్లదు. ‘షరతు చెల్లకపోతే పిల్ల నాదేగా’ అనుకోకండి. చెల్లనిది దానమే కాబట్టి పిల్ల వాళ్లదేనన్న వాదనకు తావుంటుంది.

అదే సెక్షన్, దాత ఇష్టంతో పని లేని ఫలానా సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ఒప్పుకోవడాన్ని అనుమతిస్తుంది. కాబట్టి ‘టీకాలు వేయించకపోతే, వీధిలో వదిలేస్తే’ అని స్పష్టంగా రాయించండి. ‘సంస్థ అభిప్రాయంలో సరిగా చూడకపోతే’ అంటే పాత షరతే దొడ్డిదారిన వచ్చినట్టు. దాని బదులు ‘పశువైద్యుడు రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే’ అని ఉండాలి. ‘యాజమాన్యం సంస్థదే, మీరు సంరక్షకులు మాత్రమే’ అని పత్రంలో ఉంటే మాత్రం అది దానమే కాదు. ఈ రక్షణ మీకు దొరకదు.

టీకాలు, ఆపరేషన్ షరతుతో పేచీ పెట్టకండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా పెంపుడు జంతువు టీకాల బాధ్యతను యజమానిపైనే పెట్టాయి. రెండు నెలల పిల్లకు పార్వో, డిస్టెంపర్ టీకా మొదటి డోసు ఈపాటికి పడి ఉండాలి. తర్వాతి డోసులు మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగు నెలల వయసు దాకా, రేబిస్ టీకా మూడు నెలలకు వేయిస్తారు. డోసులు పూర్తయ్యే దాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద వదలకండి. విరేచనాలకు నెత్తురు తగిలి, పిల్ల నీళ్లు కూడా ముట్టకపోతే పార్వో కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాలు పోయకండి, చాలా పిల్లలకు అరగవు. టీకాల కార్డు, వైద్యుడి రసీదులు దాచండి. రేపు తగాదా వస్తే మీ సాక్ష్యం అదే.

తగాదా వచ్చినా సంస్థ మనుషులు మీ అనుమతి లేకుండా ఇంట్లోకి వచ్చి పిల్లను ఎత్తుకుపోలేరు, కోర్టుకు వెళ్లాల్సిందే. మీరే పెంచలేని స్థితి వస్తే రాతపూర్వకంగా తెలిపి సంస్థకే అప్పగించండి. తిండీ నీళ్లూ దొరకక బాధపడేలా వదిలేస్తే జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. దశాబ్దాల నాటి అంకె అది, ఇప్పటికీ మారలేదు. మూడేళ్లలోపు మళ్లీ అదే చేస్తే మూడు నెలల వరకూ జైలు పడవచ్చు.