పెళ్లిచూపులయ్యాక మెసేజా, వాయిస్ నోటా, వీడియో కాలా?

అక్కా, మాది నెల్లూరు. ఎంఎస్ పూర్తిచేసి ఈమధ్యే డాలస్‌లో ఉద్యోగంలో చేరాను, ఓపీటీ మీద ఉన్నాను. ఇంట్లోవాళ్లు ఒక సంబంధం చూశారు. అమ్మాయిది కర్నూలు, బెంగళూరులో ఉద్యోగం. మారతహళ్లిలో పీజీలో ఉంటూ వైట్‌ఫీల్డ్ వెళ్లొస్తుంది. పెళ్లిచూపులు వీడియోలోనే అయ్యాయి, ‘ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి’ అని నంబర్లు ఇచ్చారు. మెసేజ్ పెడితే రెండు ముక్కల్లో జవాబిస్తోంది. మొన్న ఉదయం పదకొండున్నరకి వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు, తర్వాత ‘సారీ, రేపు మాట్లాడదాం’ అని పెట్టింది. ఇష్టం లేదంటారా?

తమ్ముడూ, అప్పుడే ఆ మాట అనుకోకు. నీకు ఉదయం పదకొండున్నర అంటే బెంగళూరులో రాత్రి పది. ఒకప్పుడు నేనూ మారతహళ్లి పీజీలోనే ఉన్నాను కాబట్టి ఆ గది నాకు బాగా తెలుసు. మూడు మంచాలుంటాయి. ఒకమ్మాయి దుప్పటి ముసుగేసి పడుకుంటుంది, ఇంకొకమ్మాయి క్లయింట్ కాల్‌లో ఉంటుంది. ఈ అమ్మాయేమో తలకి నూనె పెట్టుకుని, నైటీలో, రేపటి బట్టలు చూసుకుంటూ ఉంటుంది. అప్పుడు పెళ్లికొడుకు నుంచి వీడియో కాల్ వస్తే ఎవరెత్తుతారు చెప్పు? పైగా చెప్పకుండా చేశావు. మొదటి వారాల్లో ఏ కాల్‌కైనా ముందు ఒక మెసేజ్ పెట్టి, టైమ్ తననే చెప్పమను.

రెండు ముక్కల జవాబుల సంగతీ అంతే. ‘తిన్నారా’, ‘ఆఫీసు ఎలా ఉంది’ అంటే ఎవరైనా ‘తిన్నా’, ‘బాగుంది’ అనే అంటారు. దానిమీద టైప్ చేయడానికి ఇంకేం ఉంటుంది? టెక్స్ట్‌ని దానికి తగ్గ పనికి వాడుకో. టైమ్ కుదుర్చుకోవడానికి, వివరం అడగడానికి, తను ఆలోచించుకుని చెప్పాల్సిన ప్రశ్నకి అదే మంచిది. మనిషి తీరు తెలియాలంటే మాత్రం గొంతు వినాలి. మీ పరిస్థితిలో దానికి బాగా పనికొచ్చేది వాయిస్ నోట్.

ఎలాగంటావా? నువ్వు రాత్రి తొమ్మిదిన్నరకి ఒక నోట్ పంపావనుకో, బెంగళూరులో అప్పుడు ఉదయం ఎనిమిది. తను క్యాబ్‌లో చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. వైట్‌ఫీల్డ్ వెళ్లేదాకా ట్రాఫిక్‌లో వినడానికి కావలసినంత తీరిక. కానీ పక్కన కొలీగ్స్ ఉంటారు, అందుకని వినగలదు గానీ మాట్లాడలేదు. జవాబు టైప్ చేసి పంపిందంటే నిన్ను తక్కువ చేసినట్టు కాదు. ‘నేను వాయిస్ పెడితే తను టెక్స్ట్ పెట్టింది’ అని లెక్కలు వేసుకోకు. తీరిక, చోటు దొరికిన రోజు తనే మాట్లాడి పంపుతుంది.

నోట్ నిమిషం లోపు ఉండాలి, అందులో ఒక్క సంగతే ఉండాలి. ఉదాహరణకి: ‘ఇవాళ ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే గోంగూర కనిపించింది. పచ్చడి చేద్దామని మా అమ్మకి ఫోన్ చేస్తే, ముందు ఆకు కడిగి ఆరబెట్టమంది. ఆరబెట్టే ఓపిక లేక పప్పులో వేసేశాను. మీ కర్నూలువైపు గోంగూరతో ఇంకేం చేస్తారు?’ ఇది అర నిమిషం కూడా ఉండదు. ఇందులో నీ రోజు తెలుస్తుంది, మీ అమ్మతో నువ్వు ఎలా ఉంటావో తెలుస్తుంది, చివర తను సులువుగా పట్టుకోగలిగే ప్రశ్న ఉంది. అదే నీ కాలేజీ రోజుల నుంచి మొదలుపెట్టి ఐదు నిమిషాలు చెప్పావనుకో, రెండింతల స్పీడ్‌లో పెట్టి వింటుంది. నీ గొంతు కార్టూన్ బొమ్మలా వినిపిస్తుంది.

వాట్సాప్‌లో మైక్ గుర్తుని పైకి జరిపితే రికార్డింగ్ లాక్ అవుతుంది, ఆపి ఒకసారి విని ఆ తర్వాత పంపొచ్చు. మొదట్లో వినే పంపు. వెనకాల రూమ్మేట్స్ గోల, ఎవరిదో బూతు మాట పడి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇంకొకటి, తను విన్నాక ఆ మైక్ గుర్తు నీలంగా మారుతుంది. బ్లూ టిక్స్ ఆపేసుకున్నవాళ్లకి కూడా ఇది ఆగదు. విని నాలుగు గంటలైంది, ఇంకా పలకలేదేమిటని టెన్షన్ పడటానికి దాన్ని వాడుకోకు.

వాయిస్ నోట్‌కి పనికిరానివీ ఉన్నాయి. ఫ్లైట్ తేదీ, ఊరి అడ్రస్, ముహూర్తం లాంటివి అందులో చెబితే తర్వాత వెతుక్కోలేరు, టైప్ చెయ్యి. అలాగే ఎదుటి మనిషి మధ్యలో ఆపి ప్రశ్న అడగాల్సిన విషయం ఏదీ అందులో పెట్టకూడదు. నీ విషయంలో అది వీసా. ఓపీటీ అంటే నీది ఎఫ్-1 స్టూడెంట్ వీసా, పెళ్లయి తను వస్తే ఎఫ్-2. ఎఫ్-2 మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. రేపు నీకు హెచ్-1బీ వచ్చి తను హెచ్-4కి మారినా, మామూలుగా నీ గ్రీన్‌కార్డ్ కోసం వేసే ఐ-140 అప్రూవ్ అయ్యాకే తను వర్క్ పర్మిట్‌కి అప్లై చేయగలదు. బెంగళూరులో సొంత జీతంతో బతుకుతున్న అమ్మాయికి ఇది చిన్న సంగతేం కాదు. ‘అక్కడికొచ్చాక చూద్దాంలే’ అని దాటేయకు. రెండో వారంలోనే, మామూలు ఆడియో కాల్‌లో చెప్పు. తను కాసేపు మౌనంగా ఉంటే ఉండనీ, నువ్వు ఖాళీ నింపకు. కాల్ అయ్యాక అవే వివరాలు టెక్స్ట్‌లో పెట్టు, వాళ్ల నాన్నగారికి చూపించుకోవాలంటే తన దగ్గర ఉంటాయి.

ఆడియో కాల్ అన్నాను చూశావా, దాన్ని ఈమధ్య అందరూ మర్చిపోయారు. మెసేజ్‌ల నుంచి నేరుగా వీడియోకి దూకుతున్నారు. ఆడియో అయితే పీజీ మేడమీద పచార్లు చేస్తూ మాట్లాడొచ్చు, తల దువ్వుకోనక్కర్లేదు. మొదటిది ఇరవై నిమిషాలు చాలు. అలాంటివి రెండుమూడు అయ్యాక వీడియో అడుగు. శనివారం మీకు ఉదయం తొమ్మిదైతే తనకి రాత్రి ఏడున్నర, ఇద్దరికీ సెలవే. అరగంట అని ముందే అనుకోండి. అప్పుడు ‘ఇక ఉంటాను’ అని ఎవరనాలో అనే ఇబ్బంది ఉండదు.

వీడియో ఆలస్యమైతే ఫర్వాలేదు గానీ, అసలు లేకుండా మాట ఇచ్చుకోవద్దు. ఇది చదివే అమ్మాయిలకి కూడా చెబుతున్నాను: పెద్దవాళ్ల ముందు ఒకసారి కనిపించి, తర్వాత వారాల తరబడి కెమెరా పాడైందనో, నెట్ లేదనో అంటుంటే పెద్దవాళ్లతో మనిషిని పంపి విచారించుకోండి. ఆ లోపు డబ్బు మాట ఎత్తితే అక్కడితో ఆపేయండి. దుబాయ్ సంబంధమైతే ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ మామూలుగా వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లూ వాయిస్ నోట్‌లూ మాత్రం వెళ్తాయి. కాల్ రాలేదని అబ్బాయిని అనుమానించకండి. అక్కడ పనిచేసే వేరే యాప్ ఏదో అతన్నే అడగండి.

తన వాయిస్ నోట్‌లు మీ అమ్మకి గానీ, ఫ్రెండ్స్ గ్రూపులో గానీ ఫార్వర్డ్ చేయకు. ‘ఎలా మాట్లాడుతుందిరా?’ అని అమ్మ అడిగితే నువ్వే చెప్పు. ఇక నవంబర్ మొదటి ఆదివారం మీ గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇండియాలో మారదు. నీ తొమ్మిది అప్పటినుంచి తనకి ఎనిమిదిన్నర అవుతుంది. పీజీలో రాత్రి భోజనం ఎన్నింటికో కనుక్కుని, ఆ శనివారం కాల్ టైమ్ ముందే మార్చుకోండి.